ప్లమ్ కేకుకు 12, క్రీమ్ కేకుకు 21

డిసెంబరు రాగానే బేకరీల గాజు తలుపుల మీద ఒక నోటీసు వెలుస్తుంది. పైన క్రిస్మస్ తాత బొమ్మ, కింద కేకుల పేర్లు, ధరలు, ఆర్డరు ఇవ్వడానికి చివరి తేదీలు ఉంటాయి. అన్నిటికంటే అడుగున, కళ్లు చికిలిస్తే గానీ కనపడని అక్షరాల్లో గోధుమ, గుడ్డు, పాలు, జీడిపప్పు అంటూ ఒక వరుస. చాలామంది ధర చూసుకుని, అడ్వాన్సు కట్టి, స్లిప్పు జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. నిజానికి ఆ కాగితంలో చదవాల్సింది తేదీలు, ఆ అడుగు వరుసే.

ఇలాంటి నోటీసు ఒకటి ఊహించుకుందాం. రిచ్ ప్లమ్ కేకుకు ఆర్డర్లు డిసెంబరు 12 వరకే. బ్లాక్ ఫారెస్ట్, పైనాపిల్ వంటి క్రీమ్ కేకులకు మాత్రం 21 దాకా గడువు. ఏది ఆర్డరు చేసినా ఇచ్చేది 22 నుంచి 24 లోపు. చూడగానే ఇది తలకిందులుగా అనిపిస్తుంది. వారాల తరబడి చెడిపోకుండా ఉండే ప్లమ్ కేకుకు ముందే తలుపు మూసేసి, ఒక పూటకే జావగారిపోయే క్రీమ్ కేకుకు చివరిదాకా తెరిచి ఉంచడమేమిటి?

జవాబు పండ్ల జాడీలో ఉంది. ప్లమ్ కేకులో పడే కిస్మిస్, ఖర్జూరం, నారింజ తొక్క, చెర్రీ, టూటీ ఫ్రూటీలను రమ్ములోనో, బ్రాందీలోనో, మద్యం వద్దనుకునేవాళ్లకు పండ్లరసంలోనో వారాల ముందే నానబెడతారు. హైదరాబాదు హోటళ్లలో అక్టోబరు, నవంబరు నెలల్లో అతిథులను పిలిచి 'కేక్ మిక్సింగ్' అని హడావిడి చేసేది ఇందుకే. బాగా పండ్లు పోసే బేకరీలో కిలో కేకుకు దాదాపు అరకిలో పండ్లు పడతాయి. అంటే నవంబరులో ఎంత నానబెట్టారో డిసెంబరులో అన్నే కేకులు. జాడీ అడుగు కనిపించాక వచ్చిన ఆర్డరుకు దొడ్డిదారి ఒకటే. పండ్లను రమ్ముతో కలిపి సన్నని సెగ మీద వేడిచేసి, కొన్ని గంటల్లో ఉబ్బేలా చేస్తారు. అది తప్పేమీ కాదు గానీ రుచి పలచబడుతుంది. కేకు కోసినప్పుడు కిస్మిస్ లోపల ఇంకా గట్టిగా, తోలులా తగిలితే ఆ పండు సరిగా నానలేదని అర్థం. పండ్లన్నీ అడుగుకు చేరి పైన ఒట్టి కేకు మిగిలితే, పిండి పలచనైందనో, పండ్లను వడకట్టకుండా తడితోనే వేశారనో అనుకోవచ్చు.

రెండో కారణం పొయ్యి. ప్లమ్ కేకు బరువైనది కాబట్టి 150, 160 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాలాలి. కిలో కేకుకు దాదాపు రెండు గంటలు పడుతుంది. తొందరపడి సెగ పెంచితే పైన మాడి, నడుమ పచ్చిగా మిగులుతుంది. మన ఊహా బేకరీ ఓవెన్‌లో ఒక విడతకు 24 కిలో టిన్నులు పడతాయనుకుందాం. రోజువారీ బ్రెడ్డు, బన్నులు పోను నాలుగు విడతలు కాల్చినా రోజుకు 96 కేకులు. 300 ఆర్డర్లు వస్తే మూడు రోజులు దాటుతుంది. కాల్చిన కేకును రాత్రంతా చల్లారనివ్వాలి. వేడి మీద చుడితే ఆవిరి లోపలే నీరై బూజుకు దారి ఇస్తుంది. ఆ తర్వాత వారం రోజులు కదలకుండా ఉంటే పండ్లలోని తడి, రమ్ము వాసన కేకంతా పాకుతాయి. 22వ తేదీ నుంచి వెనక్కి లెక్కవేసుకుంటూ రండి. తేలేది 12కి అటూ ఇటూగానే.

క్రీమ్ కేకు సంగతి వేరు. స్పాంజి తయారీ ఒక పూట పని. అక్కడ గడువును నిర్ణయించేది ఫ్రిజ్‌లో అరలు. అందుకే 'సాయంత్రం 5 నుంచి 7 మధ్య తీసుకెళ్లండి' అని రాస్తే దాన్ని పాటించడమే మంచిది. మీ కేకు కదిలితేనే తర్వాతి కేకుకు చోటు.

ముందస్తు ఆర్డరు మన దగ్గర కొత్తదేమీ కాదు. భారతదేశపు తొలి క్రిస్మస్ కేకుగా చెప్పుకునేదే ఆర్డరు మీద పుట్టింది. 1883లో కేరళలోని తలశ్శేరిలో మర్డాక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇంగ్లండు కేకు ఒకటి చూపించి, ఇలాంటిది చేసిపెట్టమని మాంబళ్లి బాపును అడిగాడట. అప్పటికి బాపు బిస్కట్లు చేసేవాడే.

ఇక అడుగు వరుస. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టులో అమ్మే ఆహారం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, పాలు, గుడ్డు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే చెప్పాలి. ప్లమ్ కేకులో చేపలూ రొయ్యలూ తప్ప మిగతావన్నీ ఏదో ఒక రూపంలో దొరకవచ్చు. మైదాలో గ్లూటెన్ ఉంటుంది. మార్జరిన్‌లోనో చాక్లెట్‌లోనో సోయా ఉంటుంది. ఎవరికీ గుర్తురానిది సల్ఫైట్లు. బంగారు రంగు కిస్మిస్, ఎండు ఆప్రికాట్ వంటివాటికి రంగు నిలవడానికి వాడేది సల్ఫర్ డయాక్సైడే. ఉబ్బసం ఉన్న కొందరికి ఇది పడదు.

ఇక్కడే 'ఎగ్‌లెస్' అన్న మాట చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. గుడ్డు బదులు పడేది ఎక్కువగా కండెన్స్‌డ్ మిల్క్ లేదా పెరుగు. గుడ్డు తినని వాళ్లకు అది సరిపోతుంది, పాలు పడని పిల్లవాడికి పనికిరాదు. ఆకుపచ్చ చుక్క శాకాహారమని చెబుతుందే తప్ప పాలు లేవని చెప్పదు. పైగా ఎగ్‌లెస్ కేకును కూడా అదే మిక్సరులో, అవే టిన్నుల్లో చేస్తుంటే గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లకు ముప్పు తప్పినట్టు కాదు. ఇంకో చిక్కు ఉంది. బాగా కాలిన గుడ్డును కొందరు అలర్జీ పిల్లలు తట్టుకుంటారు. అయితే కేకు పైన తెల్లగా గట్టిపడే రాయల్ ఐసింగ్‌లో గుడ్డు తెల్లసొన పచ్చిగానే ఉండవచ్చు. డాక్టరు ఒకదానికి సరేనన్నంత మాత్రాన రెండోది కూడా సరేనని కాదు. మార్జిపాన్ అసలు బాదంతో చేసేదైనా మన దగ్గర చాలాచోట్ల జీడిపప్పుతో చేస్తారు. 'నాన్ డెయిరీ' క్రీములు కొన్నింటిలో పాల ప్రొటీన్ కేసినేట్ ఉంటుంది.

మద్యం అలర్జీ జాబితాలోకి రాదు, కానీ అడగాల్సిందే. ఓవెన్‌లో అంతా ఆవిరైపోతుందన్న మాట సగమే నిజం. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం రెండు గంటలు ఉడికించినా, కాల్చినా పదో వంతు ఆల్కహాల్ మిగులుతుంది. కాల్చాక పైన చిలకరించిన బ్రాందీకైతే సెగే తగలదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివాళ్లకు పండ్లరసంతో చేసిన రకం అడిగి తీసుకోవాలి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడ ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఆర్డరు ఇస్తే, 14 రకాల అలర్జీ పదార్థాల వివరం ఆర్డరు పూర్తయ్యేలోపు ఒకసారి, కేకు చేతికందేటప్పుడు ఇంకోసారి చెప్పాలన్నది నియమం. మన వీధి బేకరీలో అడిగే పని మనదే. అది కూడా 24 సాయంత్రం కౌంటరు దగ్గర గుంపులో కాదు, అడ్వాన్సు కట్టే రోజునే. పేరు, బరువు, రకం రాశాక 'జీడిపప్పు వద్దు', 'రమ్ము వద్దు' అని స్లిప్పు రెండు ప్రతుల మీదా రాయించుకోండి. పక్క కేకుల్లో వాడే మిక్సరే వాడతారా అని అడగండి. అవునన్నా, తెలియదన్నా, అలర్జీ తీవ్రంగా ఉన్న మనిషి కోసం ఆ కేకు ఆర్డరు చేయకండి.