వాషర్ మార్చినా ఆగని చుక్క

ప్లంబర్ వచ్చి వెళ్లిన రోజు కుళాయి చెప్పినట్టు వింటుంది. రెండు వారాలు గడిచాక ఒక రాత్రి మళ్లీ చుక్క చప్పుడు మొదలవుతుంది. మళ్లీ కబురు, మళ్లీ కొత్త వాషర్, మళ్లీ అదే తంతు. ఇలా రెండు మూడు సార్లు జరిగాక ఇంట్లోవాళ్లు వాషర్‌నే తిట్టుకుంటారు. ఇప్పుడొచ్చే రబ్బరులో పస లేదంటారు. నాసిరకం వాషర్లు బజారులో లేకపోలేదు. అయితే ఒకే కుళాయిలో వరసగా వాషర్లు దెబ్బతింటున్నాయంటే వాటిని దెబ్బతీస్తున్నది ఆ కుళాయి లోపలే ఉందని అర్థం. దాన్ని పట్టుకోవడానికి కావలసిన ఆధారం ప్లంబర్ విప్పి పక్కన పారేసే పాత వాషర్ మీదే కనిపిస్తుంది.

ముందు కుళాయి ఏ రకమో తెలియాలి. మూయడానికి పిడిని రెండు మూడు చుట్లు తిప్పాల్సి వస్తే అది వాషర్ కుళాయి. పావు చుట్టుకే ఆగిపోతే, లేదా ఒకే పిడిని పైకెత్తి అటూ ఇటూ జరిపి వేడినీళ్లూ చన్నీళ్లూ కలుపుకునేదైతే, లోపల ఉండేది కార్ట్రిడ్జ్. అందులో ఆ పాత పద్ధతి వాషర్ ఉండదు. కొత్త బాత్‌రూంలలో ఎక్కువగా ఈ రెండో రకమే కనిపిస్తున్నా, పెరట్లో, వాషింగ్ మెషీన్ పక్కన, అద్దె ఇళ్లలో ఇత్తడి వాషర్ కుళాయి ఇంకా గట్టిగానే నిలబడి ఉంది.

ఈ తిప్పుడు కుళాయికి ఇంగ్లండ్‌లోని రోథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ సంస్థ 1845లో పేటెంట్ పొందింది. లోపలి పద్ధతి అప్పటికీ ఇప్పటికీ పెద్దగా మారలేదు. నీళ్లు పైకి వచ్చే గుండ్రటి రంధ్రం చుట్టూ ఇత్తడి అంచు ఉంటుంది. ప్లంబర్లు దాన్ని సీటు అంటారు. పిడిని తిప్పితే మరల మీద స్పిండిల్ కిందికి దిగి, దాని అడుగునున్న వాషర్‌ను సీటు మీద ఒత్తుతుంది. రబ్బరు మెత్తగా ఉండి, ఇత్తడి అంచు నున్నగా ఉన్నంతకాలం చుక్క బయటికి రాదు. నీటిని ఆపే పనిలో ఈ రెండింటికీ సమానమైన వాటా ఉంది. మరమ్మతులో మాత్రం మార్చేది ఎప్పుడూ వాషర్‌నే, ఎందుకంటే సీటు కుళాయి ఒంట్లోనే కలిసి ఉంటుంది, ఊడి రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, కింది అంతస్తు ఇల్లు, వంటింటి వెనక అరంగుళం ఇత్తడి కుళాయి. బోరు నీళ్లు పై ట్యాంకుకు ఎక్కి అక్కడి నుంచి దిగుతాయి. ట్యాంకు ఈ కుళాయికి పదిహేను మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, మూసిన కుళాయి లోపల ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒకటిన్నర కిలోల ఒత్తిడి పడుతుంది. పై అంతస్తులో ఇదే రకం కుళాయి మీద పడేది అందులో చిన్న భాగమే. అందుకే అదే వయసున్న కుళాయి పైన బాగానే ఉండి కింద కారడం మామూలు విషయం. ఈ ఇంట్లో వాషర్ మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లకే చుక్క తిరిగి వస్తోంది. పది నిమిషాలు గ్లాసు పెట్టి కొలిస్తే 50 మిల్లీలీటర్లు చేరాయి. ఆ లెక్కన రోజుకు ఏడు లీటర్లకు పైమాటే.

నీరు ఎక్కడి నుంచి వస్తోందో మొదట చూడాలి. మూతి నుంచి కాకుండా పిడి మొదట్లో చెమర్చి కారుతుంటే వాషర్‌కు దానితో సంబంధం లేదు. స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ ప్యాకింగో, అక్కడి రబ్బరు రింగో సడలి ఉంటుంది. అలాగే మూసిన వెంటనే నాలుగు చుక్కలు పడి ఆగిపోతే అది మూతిలో మిగిలిన నీరు. అది జబ్బు కాదు. మన ఉదాహరణలో చుక్క మూతి నుంచే, రాత్రంతా ఆగకుండా వస్తోంది.

విప్పే ముందు ఆ లైను వాల్వ్ మూసి, కుళాయి తెరిచి మిగిలిన నీటిని వదిలేయాలి. పిడిని సగం తెరిచి ఉంచే కుళాయి తలను విప్పాలి. మూసి ఉంచి విప్పితే వాషర్ సీటు మీద ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఒక పానాతో తలను తిప్పేటప్పుడు రెండో పానాతో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవడం మరచిపోకూడదు. ఆ జాగ్రత్త లేకపోతే ఒత్తిడంతా గోడలోని పైపు జాయింటు మీదికి పోతుంది, అక్కడ చిట్లితే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు పాత వాషర్‌ను వెలుతురులో తిప్పి చూడాలి. సీటు దాని మీద గుండ్రటి ముద్ర వేసి ఉంటుంది. ఆ గాడి చుట్టూ ఒకే లోతులో, అంచులు నున్నగా ఉంటే వాషర్ తన వయసుకు తగ్గట్టు అరిగింది, కొత్తది వేస్తే చాలు. రబ్బరు బిగుసుకుపోయి, గోటితో నొక్కినా దిగకపోతే వయసైనా అయి ఉండాలి, గీజర్ వేడినీళ్లైనా దాన్ని గట్టిపరచి ఉండాలి. వేడినీళ్ల లైనుకు వేడిని తట్టుకునే రకం వాషరే అడిగి కొనాలి. కానీ ముద్ర ఒక పక్కన తెగి ఉంటే, లేదా ఒకచోట కత్తితో కోసినట్టు చీలిక కనిపిస్తే, అది కూడా వేసి ఎంతో కాలం కాని వాషర్ అయితే, అనుమానం సీటు మీదికే పోవాలి. మన ఉదాహరణలోని వాషర్ కొత్త నలుపు తగ్గకుండానే ఒకవైపు కోసుకుపోయి ఉంది.

టార్చి వేసి రంధ్రం అంచును చూసి, చిటికెన వేలితో చుట్టూ తడమాలి. బాగున్న సీటు మీద వేలు ఎక్కడా ఆగదు. దెబ్బతిన్న సీటు మీద ఒకచోట గోరు పట్టుకుంటుంది. అక్కడ సన్నని గాడి ఒకటి అంచును అడ్డంగా దాటి ఉంటుంది. ఇత్తడిలో ఆ గాడి పడటానికి కారణం నీరే. కొంచెం కారుతున్న కుళాయిని నెలల తరబడి అలాగే వదిలేస్తే, ఆ ఇరుకు సందులోంచి నీరు గొప్ప వేగంతో దూకుతూ లోహాన్ని కొద్దికొద్దిగా తినేస్తుంది. బోరు నీళ్లలో సన్నని ఇసుక ఉంటే పని ఇంకా త్వరగా అవుతుంది. కారుతోందని పిడిని బలం కొద్దీ బిగించే అలవాటు మరో కీడు చేస్తుంది. వాషర్ పూర్తిగా నలిగిపోయాక దాన్ని పట్టి ఉంచే ఇత్తడి భాగమే సీటుకు తగిలి అంచును నొక్కేస్తుంది. మొదటి చుక్కకు కారణం వాషరే అయినా, ఆలస్యం అయ్యేకొద్దీ జబ్బు సీటుకు పాకుతుంది. అప్పుడు కొత్త వాషర్ వేస్తే మెత్తని రబ్బరు ఆ గాడిలోకి ఒదిగి కొన్నాళ్లు నీటిని ఆపుతుంది. తర్వాత ఆ గాడి అంచే రబ్బరును కోస్తుంది. తిరిగి తిరిగి వచ్చే చుక్క వెనక కథ చాలాసార్లు ఇదే.

సీటును సరిచేయడానికి సీటు కట్టర్ అనే చేతి పనిముట్టు ఉంది. కుళాయి తల ఉండే మరలోనే దాన్ని నిలువుగా బిగిస్తారు, అడుగునున్న ఉక్కు పళ్లు సీటు అంచును సమంగా చెక్కుతాయి. గట్టిగా అదమకుండా రెండు మూడు చుట్లు తిప్పి, తీసి చూడాలి. అంచు చుట్టూ ఒకే రకం మెరుపు వస్తే పని అయినట్టే. ఒకచోట నల్లగా మిగిలితే ఇంకొంచెం తిప్పాలి. తర్వాత లైను వాల్వ్‌ను ఒక్క క్షణం తెరిచి ఇత్తడి పొడిని కడిగేయాలి, లేకపోతే ఆ పొడే కొత్త వాషర్‌లో గుచ్చుకుంటుంది. ఈ కట్టర్ ప్రతి ప్లంబర్ సంచిలోనూ ఉండదు. పిలిచేటప్పుడే "సీటు పోయింది, కట్టర్ తెస్తారా?" అని అడిగితే మనిషి సిద్ధపడి వస్తాడు. గాడి మరీ లోతుగా ఉన్నా, చెక్కేకొద్దీ ఇత్తడి ఎర్రబారి పొడిపొడిగా రాలుతున్నా, ఆ కుళాయిని బాగుచేసే ప్రయత్నం మానుకోవాలి. ఎర్రబారడం అంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మాత్రమే మిగలడం. ఆ లోహానికి ఇక బలం ఉండదు. చవక కుళాయి అయితే చెక్కే కూలికన్నా కొత్తది కొనడమే మేలు కావచ్చు.

కార్ట్రిడ్జ్ సంగతి వేరు. దానిలో అద్దంలా నున్నగా సానపట్టిన రెండు సెరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. తిరగలి రాళ్లలా కింది బిళ్ల కదలదు, పైది తిరుగుతుంది. రెండింటి రంధ్రాలు ఎదురెదురుగా వస్తే నీళ్లు వస్తాయి, తప్పుకుంటే ఆగుతాయి. సెరామిక్ చాలా గట్టిది, మామూలు వాడకంలో సులభంగా అరగదు. పాడయ్యేది ఎక్కువగా దాని చుట్టూ ఉన్నవే. బిళ్లల నడుమ చేరిన ఇసుక రేణువు వాటిని వెంట్రుకవాసి ఎడం చేస్తుంది. బోరు నీటి సున్నం పేరుకుని పిడి బిగుసుకుంటుంది. అడుగునున్న రబ్బరు రింగులు చదునైపోతాయి. పిడిని కాస్త ఇటు జరిపితే చుక్క ఆగి, అటు జరిపితే మొదలవుతుంటే అనుమానం బిళ్లల మీదికి పోవాలి.

వేడి, చల్లని నీళ్లు కలిసే కుళాయి అయితే సింకు కింద ఉన్న రెండు యాంగిల్ వాల్వులనూ ఒకదాని తర్వాత ఒకటి మూసి చూడాలి. గీజర్ వైపు మూసినప్పుడు చుక్క ఆగితే కారేది ఆ దారిలోనే. కార్ట్రిడ్జ్ తీశాక రింగుల మీద తెల్లటి సున్నం కనిపిస్తే వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి కడిగితే కొన్నిసార్లు బతుకుతుంది. బిళ్లలను ఇసుక కాగితంతో రుద్దితే మాత్రం ఆ నునుపు పోతుంది, మళ్లీ రాదు.

కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకునే దుకాణానికి వెళ్లాలి. పిడి కుళాయిల కార్ట్రిడ్జ్‌లలో 35, 40 మిల్లీమీటర్ల కొలతలు మామూలుగా దొరుకుతాయి, దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. కొలత కలిసినా అడుగు పుల్లలు ఉన్న చోటు, ఎత్తు కలవకపోతే అది సరిగా కూర్చోదు. కొత్త కార్ట్రిడ్జ్ వేసినా కారుతోందంటే, ఇక్కడ కూడా చూడవలసింది అది కూర్చునే చోటునే. అక్కడ పాత రబ్బరు ముక్కో, సున్నపు పొరో అంటుకుని ఉంటే కొత్త రింగు పూర్తిగా ఆనదు. మెత్తని గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, అప్పుడే అమర్చాలి. ఆ చోటు లోహమే గుంటలు పడి ఉంటే కార్ట్రిడ్జ్‌లు ఎన్ని మార్చినా డబ్బు దండగ, కుళాయే మార్చాలి.

బోరు మోటారు మరమ్మతు చేసిన రోజు, ట్యాంకు కడిగిన రోజు పైపుల్లోకి బురద, ఇసుక దిగుతాయి. ఆ రోజు మొదట తెరవాల్సింది బకెట్ కింద ఉన్న మామూలు వాషర్ కుళాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా దాన్ని వదిలి, తర్వాతే కార్ట్రిడ్జ్ కుళాయిలను తెరిస్తే ఆ ఇసుక చాలావరకు బకెట్‌లోకే పోతుంది.