సూర్యాపేటలో 38, తెల్లారేసరికి 29

జనవరిలో ఒక తెల్లవారుజాము. హైదరాబాద్‌లో చలి 15 డిగ్రీల దగ్గరుంది. విజయవాడ బయల్దేరబోయే కారు టైర్లలో గాలి చూస్తే నాలుగింటిలోనూ 33 పీఎస్‌ఐ. డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదున్న అంకె కూడా అదే. అంతా సరిగ్గా ఉందనుకుని బయల్దేరారు. రెండున్నర గంటల తర్వాత సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగి, పక్కనే ఉన్న బంకులో మరోసారి గాలి చూపించారు.

"సార్, 38 ఉంది. తగ్గించమంటారా?" అన్నాడు కుర్రాడు.

తగ్గించమనే అంటారు చాలామంది. తప్పు జరిగేది అక్కడే.

హైవే మీద టైరు తిరుగుతున్నంతసేపూ రోడ్డుకు ఆనిన భాగం నొక్కుకుపోయి, పైకి వెళ్లగానే మళ్లీ విచ్చుకుంటూ ఉంటుంది. ఇలా నిమిషానికి కొన్ని వందలసార్లు వంగి లేచే రబ్బరు తనలో తాను వేడెక్కుతుంది, ఆ వేడి లోపలి గాలికి చేరుతుంది. ఎండెక్కిన రోడ్డు వేడి దానికి తోడు. 15 డిగ్రీల దగ్గర మొదలైన గాలి సూర్యాపేట చేరేసరికి 48 డిగ్రీలకు వచ్చిందనుకుందాం. టైరులోకి కొత్తగా గాలేమీ రాలేదు. ఉన్న గాలే వేడికి మరింత వేగంగా కదులుతూ టైరు గోడలను గట్టిగా నెడుతోంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. వేడి మూడింతలైతే ప్రెషర్ మూడింతలు కాదేం? గాలి లెక్క మన థర్మామీటరులోని సున్నా దగ్గర మొదలుకాదు. దానికి సున్నా అంటే మైనస్ 273 డిగ్రీలు. అక్కడి నుంచి లెక్కపెడితే 15 డిగ్రీలంటే 288, 48 డిగ్రీలంటే 321. అంటే పెరిగింది నూటికి పదకొండున్నర మాత్రమే. ఇంకో సంగతి, గేజి చూపించేది బయటి గాలి కంటే టైరులో ఎంత ఎక్కువుందో అంతే. బయటి వాతావరణం ఒత్తిడి సుమారు 14 పీఎస్‌ఐ ఆ అంకెలో కనిపించదు. కాబట్టి టైరులోని అసలు ఒత్తిడి 33 కాదు, 47. అందులో నూటికి పదకొండున్నర అంటే 5 పైచిలుకు. 33కి 5 కలిస్తే 38. కుర్రాడి మీటరు చూపించింది అదే. దారిలో గుర్తుంచుకోవడానికైతే ఇంత లెక్క అక్కర్లేదు: ప్రతి 6 డిగ్రీల వేడికి సుమారు 1 పీఎస్‌ఐ.

ఇప్పుడు ఆ 38ని 33కి దించితే ఏమవుతుందో చూద్దాం. రాత్రి కారు విజయవాడలో ఆగింది, తెల్లారేసరికి టైర్లు 20 డిగ్రీలకు చల్లబడ్డాయి. వేడి మీద 33గా ఉన్న గాలి చల్లబడి 29కి పడిపోతుంది. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నొక్కుకుపోతుంది, ఎక్కువగా వంగుతుంది, అంతకంటే ఎక్కువగా వేడెక్కుతుంది. మితిమీరిన వేడి టైరు పొరలను విడదీస్తుంది. హైవే మీద టైర్లు పేలడానికి ఇదొక ముఖ్య కారణం. పేలుతుందేమోనన్న భయంతో గాలి తీసేవాళ్లు ఆ ప్రమాదాన్నే దగ్గరికి తెచ్చుకుంటున్నారు.

స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకు చెప్పింది. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు ఆగి ఉన్నదో, ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడవనిదో. నడిచాక పెరిగే నాలుగైదు పీఎస్‌ఐని కంపెనీ ముందే లెక్కలో వేసుకుంది. బంకుల్లోని ఆటోమేటిక్ మెషీన్లతో మాత్రం జాగ్రత్త. వేడి టైరుకు తగిలించి 33 అని సెట్ చేస్తే, ఎక్కువున్నదాన్ని అదే బయటికి వదిలేస్తుంది, మనల్ని అడగదు. నైట్రోజన్ కొట్టించినా పెద్ద తేడా ఉండదు. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్, వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఈ సంగతి వేరే రూపంలో ఎదురవుతుంది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లలో టైరు ప్రెషర్ హెచ్చరిక లైటు తప్పనిసరి. గాలి నూటికి 25 వంతులు తగ్గితే అది వెలగాలి. తొలి చలిరోజు పొద్దున వెలిగి, కాస్త దూరం నడపగానే ఆరిపోతే బాగైపోయిందనుకుంటారు. బాగవలేదు, టైరు వేడెక్కిందంతే. గాలి నింపాల్సిందే.

మరి దారిలో నిజంగా పంక్చరైతే ఎలా తెలుస్తుంది? వేడి వల్లయితే నాలుగు టైర్లూ కలిసి పెరుగుతాయి. ఎండ పడే వైపున్నవి ఒకటి రెండు ఎక్కువ చూపించవచ్చు. మూడు 38 ఉండి ఒకటి 32 దగ్గరే ఆగిపోతే అనుమానించాల్సింది ఆ ఒక్కదాన్నే. దానికి మిగతావాటితో సమానంగా గాలి కొట్టించి, పంక్చర్ షాపులో చూపించాలి.

చిన్న గేజి ఒకటి కొని కారులో పెట్టుకోండి. నెలకోసారి, పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోండి. దారిలో కుర్రాడు తగ్గించమంటారా అని అడిగితే వద్దనండి.