‘వేలాది మంది’ కాదు, 470 మంది

సంక్రాంతి దగ్గర పడేకొద్దీ కోస్తా జిల్లాల్లో కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్ల హడావిడి మొదలవుతుంది. దాంతోపాటే ఊళ్లో వ్యాపారులందరికీ స్పాన్సర్‌షిప్ కోరుతూ మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు వచ్చిపడతాయి. ‘వేలాది మంది ప్రేక్షకులు విచ్చేస్తారు, మీ సంస్థకు విస్తృత ప్రచారం లభిస్తుంది, పెద్ద మనసుతో సహకరించగలరు’ అన్నదే చాలావాటి సారాంశం. ఎంత ఇవ్వాలో, ఇస్తే ఏమొస్తుందో అందులో కనిపించదు. ఆ గ్రౌండ్‌లో వేలమంది పట్టరని అదే ఊళ్లో షాపు నడుపుకునే మనిషికి తెలియదా? మొహమాటానికి ఐదొందలు చేతిలో పెట్టి పంపిస్తాడు.

అదే షాపు యజమాని లోకల్ కేబుల్ ప్రకటనకు, బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీకి లెక్క చూసుకుని డబ్బు పెడుతున్నాడు. అలాంటి లెక్కే క్లబ్బు కూడా ఇస్తే ఐదొందల చోట ఐదువేలు అడగవచ్చు. అందుకు మెయిల్ రాయడానికి ముందే చేసి పెట్టుకోవలసిన పని ఒకటుంది.

ప్రేక్షకుల్ని ఎలా లెక్కపెట్టాలి

ఒక మండల కేంద్రంలో మూడు రోజుల కబడ్డీ టోర్నమెంట్ జరిగిందనుకుందాం. టికెట్ లేదు కాబట్టి వచ్చినవాళ్ల లెక్కా లేదు. అయినా రోజూ రాత్రి ఏడు గంటలకు ఒక కుర్రాడు కోర్టు చుట్టూ ఒక్కో వైపు నిలబడి తలలు లెక్కపెట్టాడు. మొదటి రోజు 180, రెండో రోజు 220, ఫైనల్ రోజు 450. కూడితే 850. చాలామంది నిర్వాహకులు ఈ 850నే రాసేస్తారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. కబడ్డీ ఇష్టపడేవాళ్లు మూడు రోజులూ వస్తారు కాబట్టి, ఒకే మనిషిని మూడుసార్లు లెక్కవేసినట్టవుతుంది.

దీన్ని సరిచేయడం పెద్ద కష్టం కాదు. రెండో రోజు 40 మందిని ‘నిన్న వచ్చారా?’ అని అడిగితే 20 మంది అవునన్నారు. అంటే ఆ రోజు వచ్చిన 220 మందిలో దాదాపు సగం, 110 మంది పాతవాళ్లే. మొదటి రోజు 180 మందికి కొత్తవాళ్లు 110 మంది కలిస్తే 290. ఫైనల్ రోజు 50 మందిని అడిగితే 30 మంది ముందే ఒకసారైనా వచ్చామన్నారు. ఆ లెక్కన 450 మందిలో కొత్తవాళ్లు 180. మొత్తం 470 మంది.

ఇదీ అందాజే. ఏడు గంటలకు ముందే వచ్చి వెళ్లినవాళ్లు ఇందులో లేరు, అడిగిన మనుషులూ కొద్దిమందే. కానీ ఎలా వచ్చిందో చెప్పగలిగిన అంకె కాబట్టి, వ్యాపారి ఎదురు ప్రశ్న వేసినా క్లబ్బు తడబడాల్సిన పనిలేదు.

ఎంతమంది వచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు వచ్చారన్నదీ అంతే ముఖ్యం. రాత్రి పదింటిదాకా సాగే ఫ్లడ్‌లైట్ మ్యాచ్‌లకు ఎక్కువగా కుర్రాళ్లు, నడివయసు మగవాళ్లు వస్తే ఆ మాటే రాయాలి. అలాంటప్పుడు చీరల షాపుకు మెయిల్ పెట్టడం దండగ. బైక్ మెకానిక్ షెడ్డు, జిమ్, మొబైల్ షాపు, టిఫిన్ సెంటర్ లాంటి వాటికి ఆ బ్యానర్ పనికొస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీకి మూడువేల మంది ఫాలోవర్లున్నా, వాళ్లలో సగం మంది హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే ఊళ్లో టిఫిన్ సెంటర్‌కు ఒరిగేదేమీ లేదు. ఆ పేజీ గురించి రాస్తే, ఫాలోవర్లలో మన చుట్టుపక్కలవాళ్లు ఎంతమందో కూడా రాయాలి.

మెయిల్ ఇలా ఉండవచ్చు

విషయం: జనవరి 10–12 కబడ్డీ టోర్నమెంట్, మీ షాపు బ్యానర్‌కు రూ. 5,000

“నమస్కారం అండీ. హైస్కూల్ గ్రౌండ్‌లో మా క్లబ్బు నిర్వహించే కబడ్డీ టోర్నమెంట్‌కు మీ టిఫిన్ సెంటర్ తరఫున స్పాన్సర్‌షిప్ కోరుతున్నాం. 16 జట్లు ఆడతాయి. కిందటేడాది మూడు రోజుల్లో సుమారు 470 మంది చూశారు. రోజూ రాత్రి ఏడింటికి తలలు లెక్కపెట్టి, మళ్లీ వచ్చినవాళ్లను తీసేసి వేసిన అంచనా ఇది. ఎక్కువమంది ఈ మండలంలోని కుర్రాళ్లు, మగవాళ్లు.

రూ. 5,000కు మీకు మేం చేసేది: కోర్టు పక్కన ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు బ్యానర్ మూడు రోజులూ ఉంటుంది, ప్రింటింగ్ ఖర్చు మాదే. రోజుకు ఆరుసార్లు మైకులో మీ పేరు చెబుతాం. మరో టిఫిన్ సెంటర్ దగ్గర స్పాన్సర్‌షిప్ తీసుకోం. టీవీ ప్రసారం గానీ, యూట్యూబ్ లైవ్ గానీ లేదు. దీనివల్ల బేరం ఎంత పెరుగుతుందో మేం చెప్పలేం. వాన వల్ల ఒక రోజు ఆట పోతే, మరో రోజు పెట్టి అదే బ్యానర్ కడతాం. టోర్నమెంటే రద్దయితే, ప్రింటింగ్ ఖర్చు పోను మిగతాది తిరిగి ఇస్తాం.

మొత్తం ఖర్చు రూ. 60,000. జట్ల ఎంట్రీ ఫీజు రూ. 16,000 పోను మిగతాది స్పాన్సర్ల నుంచి, సభ్యుల నుంచి సమకూర్చుకుంటున్నాం. డిసెంబర్ 20లోగా మీ నిర్ణయం చెబితే బ్యానర్ ప్రింటింగ్‌కు ఇస్తాం.”

కింద క్లబ్ కార్యదర్శి పేరు, ఫోన్ నంబర్ ఉండాలి. కిందటేడాది జనం కనిపించే ఫొటో ఒక్కటి జతచేస్తే చాలు.

ఇందులో ‘లేదు’, ‘చెప్పలేం’ అన్న మాటలు చూసి నిర్వాహకులు జంకుతారు. నిజానికి చదివే వ్యాపారికి మిగతా మెయిల్ మీద గురి కుదిరేది ఆ మాటల వల్లే. పోటీ షాపును తీసుకోమన్న హామీ కూడా చిన్నది కాదు. క్లబ్బుకు పైసా ఖర్చు లేకపోయినా వ్యాపారి దృష్టిలో దానికి విలువుంది. మాట ఇచ్చాక ఎదురు వీధి టిఫిన్ సెంటర్ వాళ్లు పదివేలు ఇస్తామన్నా వద్దనాల్సిందే.

డబ్బు దగ్గర జాగ్రత్త

కొందరు మెయిల్ చివర ‘మీ విరాళానికి 80జి పన్ను మినహాయింపు ఉంది’ అని రాసేస్తుంటారు. ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆ అనుమతి పొందిన సంస్థ తప్ప ఎవరూ ఆ మాట రాయకూడదు. పైగా బ్యానర్ కట్టినందుకు తీసుకునే డబ్బు విరాళం కాదు, వ్యాపారికి అది ప్రకటన ఖర్చు. ఆ ఖర్చును ఆయన తన లెక్కల్లో చూపించుకోవాలంటే క్లబ్బు పేరుతో రసీదు కావాలి. ఒక రోజులో ఒకరికి పదివేలకు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో అది ఖర్చు కింద చెల్లదు. కాబట్టి పెద్ద మొత్తాన్ని క్లబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయమనాలి. కార్యదర్శి సొంత ఫోన్‌పే నంబర్ ఇస్తే అనుమానానికి తావిచ్చినట్టే.

పంపిన తర్వాత

ఒకే మెయిల్‌ను నలభై షాపులకు కలిపి పంపితే ఎవరూ తమకు రాసినట్టు అనుకోరు. ఎంచుకున్న పది, పన్నెండు షాపులకు విడివిడిగా, వాళ్ల షాపుకు ఇది ఎందుకు పనికొస్తుందో ఒక వాక్యం చేర్చి పంపాలి. చిన్న పట్టణాల్లో చాలామంది వ్యాపారులు మెయిల్ రోజూ చూడరు. రెండు రోజులాగి, బేరం పలచగా ఉండే మధ్యాహ్నం పూట స్వయంగా వెళ్లి కలవాలి. మాట అక్కడ కుదిరినా, ఏమేమి ఒప్పుకున్నామో ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా ఉండేందుకు మెయిల్ అవసరమే.

టోర్నమెంట్ అయిన వారంలోగా ఇంకో మెయిల్ వెళ్లాలి. అందులో బ్యానర్ కనిపించే రెండు ఫొటోలు, ఏ రోజు ఎంతమంది వచ్చారన్న లెక్క, జమాఖర్చు ఉండాలి. జనం తగ్గినా దాచకుండా రాయాలి. వచ్చే ఏడాది అదే షాపు గడప తొక్కాలి కదా.

నిర్వాహకులకు ఒకే విన్నపం: ఈ సంక్రాంతికి స్కోరు రాసే మనిషితోపాటు ప్రేక్షకుల్ని లెక్కపెట్టే మనిషినీ ముందే నియమించుకోండి. వచ్చే ఏడాది మెయిల్‌లో రాయాల్సిన మొదటి అంకె ఆయన పుస్తకంలోనే దొరుకుతుంది.