చీటీని నమ్మొచ్చా?

పాత వయొలిన్‌ లోపల ‘ఆంటోనియస్ స్ట్రాడివేరియస్, 1721’ అన్న చీటీ కనిపిస్తే కోట్లు చేతికందినట్టేనా? తొందరపడకండి. 19వ శతాబ్దం నుంచీ జర్మనీ, బొహీమియా కార్ఖానాలు చౌక వయొలిన్లలోనూ ఆ పేరుతో చీటీలు అంటించాయి. అదే చీటీ మీద ‘మేడ్ ఇన్ జర్మనీ’ అనీ అచ్చయి ఉంటే గుట్టు రట్టయినట్టే. స్ట్రాడివరి పనిచేసింది ఇటలీలోని క్రెమోనాలో. 1737లోనే కన్నుమూశాడు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది 1890లో!

తర్వాత ఫొటోలో పలక అంచు చూడండి. చుట్టూ సాగే జంట నల్లగీతలు మంచి వాయిద్యంలోనైతే గాడి తీసి పొదిగిన చెక్కపట్టీలు. నాసిరకంలో అవి ఉత్త రంగుగీతలు. వార్నిష్ అరిగినచోట అవీ చెరిగిపోతాయి. అయితే కార్ఖానాలూ పట్టీలు పొదిగాయి. కాబట్టి ఫొటో నకిలీని పట్టిస్తుందేగానీ అసలుదని తేల్చదు. ఆ మాట నిపుణులు వయొలిన్‌ను చేతిలోకి తీసుకుని చూశాక చెప్పాల్సిందే.