అన్నీ 'చాలా ముఖ్యం' అయితే ముందు ఏది?

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ కమిటీ పదమూడు పనుల జాబితా ఇచ్చి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేయమంది. డబ్బులు రెండు పనులకే ఉన్నాయి. తీరా చూస్తే వైఫైకి 4.6, బాత్రూం గడియలకి 4.7, వేడినీళ్లకి 4.7. మార్కులు వేస్తే మన జేబులోంచి పోయేదేముంది, ఎవరు మాత్రం తగ్గిస్తారు?

అందుకే రెండోసారి బెస్ట్-వర్స్ట్ స్కేలింగ్ పెట్టించాం. 1980ల చివర్లో జోర్డాన్ లూవియర్ రూపొందించిన పద్ధతి ఇది. ఒకసారికి నాలుగు పనులే చూపిస్తాం. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి, అన్నిటికంటే తక్కువ ముఖ్యమైనది ఒకటి టిక్ పెట్టాలి, అంతే. నాలుగింటిలో జతలు ఆరు. ఈ రెండు టిక్కులతో అయిదు జతల సంగతి తేలిపోతుంది, మధ్యలో మిగిలిన రెండింటి మధ్య పోటీ ఒక్కటే తేలదు.

ఏ నాలుగు కలిపి చూపించాలన్నదే అసలు కిటుకు. పనులకి 0 నుంచి 12 దాకా నంబర్లిస్తే ఈ రెండు లైన్లు చాలు:

```python
for i in range(13):
    print(i, (i+1)%13, (i+3)%13, (i+9)%13)
```

పదమూడు ప్రశ్నలొస్తాయి. ప్రతి పనీ సరిగ్గా నాలుగుసార్లు కనిపిస్తుంది, ఏ రెండు పనులైనా సరిగ్గా ఒక్కసారే ఎదురుపడతాయి. (ఎందుకో కాగితం మీద తేడాలు వేసి చూడండి, సరదాగా ఉంటుంది.) ప్రశ్నల వరుస, ప్రశ్నలోని పనుల వరుస మాత్రం ఒక్కొక్కరికి కలిపేయాలి. అప్పుడు ఎవరైనా ప్రతిసారీ పై వరుసకే టిక్ కొట్టుకుంటూ పోతే ఇట్టే దొరికిపోతారు.

మా దగ్గర 40 మంది రాశారు, అంటే ఒక్కో పని 160 సార్లు కనిపించింది. గడియలకి 'ముఖ్యం' 88, 'తక్కువ ముఖ్యం' 8. తేడా 80ని 160తో భాగిస్తే 0.50. వైఫైకి 61, 22, అంటే 0.24 దగ్గర. మొదటి సర్వేలో 0.1 తేడా ఉన్నవి ఇక్కడ ఎంత దూరం జరిగాయో చూడండి.

తేడా ఒక్కటే చూస్తే మోసపోతాం. రాత్రి రీడింగ్ రూముకి 52, 52. చెప్పుల స్టాండుకి 5, 5. రెండిటికీ సున్నాయే. కానీ స్టాండు ఎవరికీ పట్టలేదు, రీడింగ్ రూము మీద మాత్రం హాస్టల్ రెండుగా చీలింది. ఫైనలియర్ వాళ్లవి విడిగా లెక్కేస్తే గానీ అది బయటపడలేదు.

ఇంకోటి, ఈ స్కోర్లన్నీ కూడితే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. ఎంత అవసరమైన పనులు పెట్టినా ఏదో ఒకటి అడుక్కి పోవాల్సిందే, కాబట్టి అడుగున ఉన్నది అనవసరమని అర్థం కాదు. మా హాస్టల్లో వీల్‌చైర్ వాడే జూనియర్ ఒక్కడే. మెట్ల పక్కన ర్యాంపు జాబితాలో ఉంటే మిగతా 39 మంది టిక్కులు దాన్ని ఎక్కడికి తోసేవో తెలుసు. అందుకే దాన్ని సర్వేలో పెట్టనివ్వకుండా, ముందే వేరుగా రాయించాం.