రాజీనామా కాగితంలో రాయని కారణం

నేను చాలా ఏళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రి హెచ్ఆర్ విభాగంలో పనిచేశాను. మానేసి వెళ్లే ప్రతి నర్సుకీ ఒక ఫారం ఇచ్చేవాళ్లం. మొదటి ప్రశ్న: "ఎందుకు మానేస్తున్నారు?" దాని కింద టిక్కు పెట్టడానికి గళ్లు. ఎక్కువమంది "వ్యక్తిగత కారణాలు" దగ్గర టిక్కు పెట్టేవాళ్లు. మిగిలినవాళ్లు "మెరుగైన అవకాశం" అనో "పెళ్లి" అనో రాసేవాళ్లు. మూడు నెలలకోసారి వీటన్నిటినీ లెక్కగట్టి రంగుల బొమ్మ గీసి యాజమాన్యం ముందు పెట్టేదాన్ని. "అంటే మన తప్పేం లేదన్నమాట" అని వాళ్లు కాగితం మడిచి పక్కన పెట్టేసేవాళ్లు. అలా ఆ ఫారం వల్ల ఆసుపత్రిలో ఒక్క కుర్చీ కూడా పక్కకి జరగలేదు.

వెళ్లేవాళ్లు నిజం ఎందుకు రాయరో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. చివరిరోజు ఆ అమ్మాయి చేతిలో నో డ్యూస్ కాగితం ఉంటుంది. స్టోర్సు, ఫార్మసీ, హాస్టల్ తిరిగి సంతకాలు పెట్టించుకోవాలి. రిలీవింగ్ లెటర్ ఇంకా రాలేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలోనే ఉన్నాయి. (అలా పెట్టుకోవడమే తప్పు. అప్పట్లో మాకది మామూలు.) రేపు చేరబోయే చోటు నుంచి "ఆమె ఎలాంటిది?" అని ఫోన్ వస్తే ఎత్తేది నేనే. ఇన్ని ముడులు మా చేతిలో పెట్టుకుని "మనసు విప్పి చెప్పమ్మా" అంటే ఎవరు చెబుతారు?

అందుకని ముందు వరస మార్చాం. సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్ చేతికిచ్చి, రావాల్సిన డబ్బు ఏ తేదీన పడుతుందో కాగితం మీద రాసిచ్చి, ఆ తర్వాతే కూర్చోబెట్టడం మొదలుపెట్టాం. అడిగేది వార్డు ఇన్‌చార్జ్ కాకూడదనుకున్నాం. దాంతో మాటల్లో కొంచెం మెత్తదనం వచ్చింది గానీ జవాబులు మాత్రం పాతవే. అప్పుడర్థమైంది, తేడా ప్రశ్నలోనే ఉందని.

"ఎందుకు" అని అడిగితే మనిషి సంజాయిషీ వెతుక్కుంటాడు. ఎవరినీ నొప్పించని, తనను తప్పుపట్టలేని సంజాయిషీ. జీతం అలాంటిదే, పెళ్లి అలాంటిదే. జాన్ ఫ్లనగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లో ఒక పద్ధతి గురించి రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో వైమానిక దళంతో పనిచేసిన అనుభవంలోంచి వచ్చిందది. అభిప్రాయం అడగొద్దు, జరిగిన ఒక సంఘటన చెప్పించు అన్నది దాని సారం. 1994లో థామస్ లీ, టెరెన్స్ మిచెల్ ఇంకో మాటన్నారు: చాలామంది ఉద్యోగం మానేయాలని కొంచెంకొంచెంగా కాక, ఏదో ఒక కుదుపు తగిలినప్పుడు ఆలోచించడం మొదలుపెడతారని. ఈ రెంటినీ కలిపితే నాకు కావలసిన ప్రశ్న దొరికింది.

"మానేద్దామని మొదటిసారి ఎప్పుడనిపించిందమ్మా? ఆ రోజు ఏం జరిగింది?"

ఐసీయూలో రెండేళ్లు చేసిన ఒక నర్సును ఇలాగే అడిగాను. ఫారంలో ఆమె "మెరుగైన జీతం" అని రాసింది. కాసేపు ఆలోచించి, "వర్షం పడిన రోజు మేడమ్" అంది. నైట్ డ్యూటీ రాత్రి ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి ముగుస్తుంది. హాస్టల్ బస్సు ఎనిమిదిన్నరకి బయల్దేరుతుంది. ఐసీయూలో ఒక్కో రోగి దగ్గరా నిలబడి మందులు, సెలైన్లు, వెంటిలేటర్ వివరాలు చెప్పి డ్యూటీ అప్పజెప్పేసరికి తొమ్మిదవుతుంది. బస్సు వెళ్లిపోతుంది. ఆ రోజు వానలో ఆటో కోసం ముప్పావుగంట నిలబడి, హాస్టల్‌కి వెళ్లి, తడిసిన యూనిఫాంతోనే మంచం మీద కూర్చుని ఫోన్లో వేరే ఆసుపత్రుల ఖాళీలు చూడటం మొదలుపెట్టిందట.

ఒక్కరు చెప్పారని నమ్మేయకూడదు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రంలో నెలరోజుల లెక్క తీయించాను. ఐసీయూ నైట్ నర్సులు ఎక్కువ రోజులు ఎనిమిదిన్నర దాటాకే బయటికొచ్చారు. అంతకుముందు మానేసిన ముగ్గురికి ఫోన్ చేసి, బస్సు మాట ఎత్తకుండా అదే ప్రశ్న అడిగాను. ఇద్దరు తమంతట తామే బస్సు గురించి చెప్పారు. అప్పటికి యాజమాన్యం ఐసీయూ నర్సులకు నెలకు రెండు వేలు పెంచే ఆలోచనలో ఉంది. బస్సును ముప్పావుగంట వెనక్కి జరపడానికి పైసా ఖర్చు లేదు. కాకపోతే ఆ డ్రైవరే తొమ్మిదింటికి డయాలసిస్ రోగులను తేవాలి. ఆ పని ఇంకో బండికి అప్పజెప్పేసరికి నెల పట్టింది.

రెండో ప్రశ్న విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం పెట్టుకున్నాను. "ఆ ఉద్యోగం మీరు వెతుక్కున్నారా, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిందా?" జర్మనీ వెళ్తున్నానంటే ఎవరైనా "మెరుగైన అవకాశం" గడిలో టిక్కు పెట్టేస్తారు. అక్కడ నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకోవాలి. అది వారం రోజుల పని కాదు. కాబట్టి "క్లాసులో ఎప్పుడు చేరారు?" అని అడిగితే చాలు. మా దగ్గర చేరకముందు నుంచే చదువుతున్న అమ్మాయిని ఏం చేసినా ఆపలేం. ఆమె జవాబును లెక్కలో పక్కన పెట్టేయొచ్చు. చేరిన ఏడాదిన్నరకి, సెలవు కోసం గొడవ జరిగిన మరుసటి వారం క్లాసులో చేరితే మాత్రం ఆమెను పంపింది మేమే.

పాత ఫారంలోంచి చాలా ప్రశ్నలు కొట్టేశాను. "జీతం, పనివేళలు సంతృప్తిగా ఉన్నాయా?" అన్నది ఒకే ప్రశ్నలో రెండు. ఏ సగానికి జవాబు వచ్చిందో తెలియదు. "ఇన్‌చార్జ్ ప్రవర్తన ఎలా ఉంది?" అంటే ఎవరైనా "బాగుంది" అనే అంటారు. దాని బదులు "కిందటిసారి సెలవు అడిగినప్పుడు ఏం జరిగింది?" అని మార్చాను. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమనడం పూర్తిగా తీసేశాను. మూడు మార్కులు వచ్చాయంటే రేపు పొద్దున ఎవరు ఏం మార్చాలి? ఈ మాటకు జవాబు దొరకని ప్రశ్న ఏదీ ఉంచలేదు.

గోప్యత గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. "ఎవరికీ చెప్పం" అని మాటివ్వడం తేలిక. కానీ నలుగురు నర్సులున్న వార్డులో పేరు తీసేసినా ఎవరన్నారో అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఒక్కొక్కరి మాటనూ వెంటనే పైకి పంపేదాన్ని కాదు. కనీసం అయిదుగురివి పోగయ్యాక కలిపి రాసేదాన్ని. లైంగిక వేధింపు బయటపడితే నా దగ్గరే దాచుకోలేనని, 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చని, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలని మొదటే చెప్పేదాన్ని. ఆ మాట విని కొందరు వెనక్కి తగ్గేవాళ్లు. అయినా మోసం చేసి చెప్పించుకోవడం కంటే అదే నయమనిపించేది.

చివరి ప్రశ్న నాకు బాగా ఇష్టం. "మీ చోట్లోకి కొత్తగా వచ్చే అమ్మాయికి చెవిలో ఏం చెబుతారు?" ఫిర్యాదు చేయడం ఇష్టంలేనివాళ్లు కూడా సలహా ఇవ్వడానికి ముందుంటారు. ఒకమ్మాయి నవ్వుతూ, "సెలవు కావాలంటే మంగళవారం అడగమంటాను మేడమ్. సోమవారం సిస్టర్‌ని కదిలించకూడదు" అంది. తర్వాత ఇంకో ఇద్దరు కూడా సోమవారం ఊసెత్తారు. వెళ్లి చూస్తే, ఆ రోజు ఇన్‌చార్జ్ సిస్టర్ పద్దెనిమిది మందికి వారం డ్యూటీ చార్టు చేత్తో వేస్తుంది. అదే సమయంలో వార్డులో రోగులనూ చూసుకుంటుంది. ఆమె కోపిష్టి అని అంతవరకూ అందరం అనుకున్నాం.

సోమవారం పూట ఆమెకు రోగులను కేటాయించొద్దని రిపోర్టులో రాశాను. దాని మీద సంతకం పడటానికి ఆర్నెల్లు పట్టింది. ఈలోగా ఆమే రాజీనామా ఇచ్చింది. ఫారంలో "వ్యక్తిగత కారణాలు" దగ్గర టిక్కు. లెటర్ చేతికిచ్చి, మానేద్దామని మొదట ఏ రోజు అనిపించిందని అడిగాను.

"ఏ సోమవారమని చెప్పమంటారు మేడమ్?" అంది.