వంపు గేటు మీద నీటి తోపు ఎటు?

నాగార్జునసాగర్ స్పిల్‌వేకు 26 రేడియల్ గేట్లున్నాయి. ఒక్కోదాని వెనక కొండంత నీరు నిలిచి తోస్తున్నా మోటారు వాటిని పైకెత్తగలుగుతోంది. ఆ వీలు కల్పించేది గేటు వంపే.

నీరు ఏ ఉపరితలాన్నయినా దానికి లంబంగానే నొక్కుతుంది. వంపు తిరిగేకొద్దీ ఆ తోపు దిశ కూడా మారిపోతుంది. అందుకే ఇంజనీర్లు మొత్తం బలాన్ని అడ్డంగా తోసేది, నిలువుగా తోసేది అని రెండుగా విడదీసి లెక్కగడతారు.

అసలు గేట్ల వంపు తక్కువే గానీ, లెక్క తేలికగా ఉండేందుకు సరిగ్గా పావు వృత్తం ఉన్న గేటును తీసుకుందాం. వ్యాసార్ధం 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు. వృత్త కేంద్రం నీరు లేని వైపు, నీటిమట్టం ఎత్తులోనే ఉంది. గేటు పై అంచు నీటిమట్టం దగ్గర మొదలై, నీటివైపు ఉబ్బుతూ కిందికి వంగి, కేంద్రానికి సరిగ్గా కింద నేలను తాకుతుంది.

ముందు అడ్డ బలం. ఎదురుగా నిలబడి చూస్తే ఈ గేటు 2 మీటర్ల ఎత్తు, 1 మీటరు వెడల్పున్న నిటారు గోడలా కనిపిస్తుంది. ఆ గోడ మీద ఎంత బలం పడుతుందో, వంపు మీద అడ్డంగా పడేదీ అంతే. సగటు లోతు 1 మీటరు, వైశాల్యం 2 చదరపు మీటర్లు కాబట్టి అది 2 టన్నుల బరువుకు సమానం. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది గనక ఆ బలం నడిమధ్యన కాకుండా మూడింట రెండు వంతుల లోతున, 1.33 మీటర్ల దగ్గర పనిచేస్తుంది.

విద్యార్థులు తడబడేది నిలువు బలం దగ్గర. నీరు వంపు కింద ఉంది కాబట్టి అది గేటును పైకి నెడుతుంది. ఎంత బలంతో అన్నది తెలియాలంటే, ఖాళీగా ఉన్న ఆ పావు వృత్తం నిండా నీరున్నట్టు ఊహించి దాని బరువు కట్టాలి. అది 3.14 టన్నులు. ఆ ఊహా జలం గురుత్వ కేంద్రం గుండా, అంటే వృత్త కేంద్రం నుంచి అడ్డంగా 0.85 మీటర్ల దూరంలో, ఈ బలం పనిచేస్తుంది. నీరు లోపలి వైపే ఉండి ఉంటే ఇంతే బలం కిందికి పడేది.

రెండూ కలిపితే 3.72 టన్నులు. దిశ అడ్డగీతకు సుమారు 57.5 డిగ్రీల వాలుతో పైకి. లెక్క సరిచూసుకునే దారి ఒకటుంది. కేంద్రం చుట్టూ అడ్డ బలం తిప్పే ప్రభావం 2 × 1.33, నిలువు బలానిది 3.14 × 0.85. రెండూ దాదాపు 2.67, ఒకటి ఒకవైపు తిప్పితే రెండోది ఎదురువైపు తిప్పుతుంది. అవి కొట్టేసుకోకపోతే దిశలోనో దూరంలోనో పొరపాటు జరిగినట్టే.

అంటే మొత్తం బలం కేంద్రం గుండానే పోతుంది. రేడియల్ గేటు తిరిగే ఇరుసును అక్కడే పెడతారు. అప్పుడు నీటి తోపు గేటును ఎటూ తిప్పలేదు. మోటారు ప్రధానంగా గేటు బరువును, రాపిడిని ఎదుర్కొంటే చాలు. అయితే ఆ తోపంతా ఇరుసు మీదే పడుతుంది. 1995 జులైలో కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ డ్యామ్‌లో ఒక గేటును ఎత్తుతుండగా అది విరిగిపోయింది. తుప్పుతో ఇరుసు దగ్గర పెరిగిన రాపిడి గేటు చేతులను వంచింది. డిజైన్ లెక్కల్లో ఆ రాపిడికి చోటివ్వలేదు. వంపు నీటి తోపును కేంద్రానికి చేరుస్తుంది గానీ ఇరుసు రాపిడిని తీసెయ్యలేదు. దాన్ని విడిగా లెక్కలోకి తీసుకోవాలి, ఇరుసుకు గ్రీజు పట్టిస్తూనే ఉండాలి.